1011 డిటెక్టర్: రెండు సార్లు వచ్చింది, కౌంటర్ మూడు చూపిస్తోంది

"సర్, నేను ఈసీఈ రెండో సంవత్సరం. 1011 సీక్వెన్స్ డిటెక్టర్‌ను ఓవర్‌ల్యాపింగ్‌తో మీలీలోనూ మూర్‌లోనూ వెరిలాగ్‌లో రాశాను. ఇన్‌పుట్ 101011011 ఇస్తే 1011 రెండు సార్లే వస్తుంది. మూర్ కౌంటర్ 2 చూపిస్తోంది, మీలీ కౌంటర్ 3 చూపిస్తోంది. వేవ్‌ఫామ్‌లో మీలీ అవుట్‌పుట్ నాలుగో బిట్ రాకముందే పైకి లేస్తోంది. స్టేట్ డయాగ్రమ్ పది సార్లు చూశాను, తప్పు దొరకలేదు. వైవాలో 'మీలీనే ఫాస్ట్' అన్నారు. మరి నాకెందుకు తప్పు వస్తోంది? కౌంటర్‌ను `always @(posedge z)` అని రాశాను. క్లాక్ 10 ns, x ని నెగెడ్జ్ దగ్గర మారుస్తున్నాను."

మీ స్టేట్ డయాగ్రమ్‌లో తప్పు లేదు. తప్పు కౌంటర్ లైన్‌లో ఉంది. మీలీ అవుట్‌పుట్‌ను క్లాక్‌లా వాడారు, అది అందుకు పనికి రాదు. ఎందుకు పనికి రాదో మీ వేవ్‌ఫామ్‌లోనే 25 ns దగ్గర ఉంది. అక్కడికే వెళ్దాం.

మీ సెటప్ ప్రకారం క్లాక్ పైకి లేచేది 5, 15, 25, 35... దగ్గర. x మారేది 0, 10, 20, 30... దగ్గర. అంటే ఒక్కో బిట్ 10 ns పాటు ఉంటుంది, దాని నడి మధ్యలో క్లాక్ ఎడ్జ్ వస్తుంది. స్టేట్లకు మామూలు అర్థాలే పెట్టుకుందాం. S0 అంటే చేతిలో ఏమీ లేదు. S1 అంటే "1" దొరికింది, S2 అంటే "10", S3 అంటే "101". మీలీలో అవుట్‌పుట్ ఒక్క చోటే 1 అవుతుంది: స్టేట్ S3 అయి, x కూడా 1 అయినప్పుడు.

ఒక్కో ఎడ్జ్ దగ్గర చదివిన x, ఆ ఎడ్జ్ తర్వాత వచ్చిన స్టేట్ ఇలా ఉంటాయి:

```
ns    :  5  15  25  35  45  55  65  75  85
x     :  1   0   1   0   1   1   0   1   1
state : S1  S2  S3  S2  S3  S1  S2  S3  S1
```

ఇప్పుడు 25 ns దగ్గర నిలబడి చూడండి. మూడో బిట్ 1. ఎడ్జ్ దాన్ని చదివింది, స్టేట్ S3కి వెళ్ళింది. కానీ ఆ మూడో బిట్ ఇంకా తీగ మీద నుంచి దిగలేదు, 30 దాకా అక్కడే ఉంటుంది. ఇప్పుడు స్టేట్ S3, x ఏమో 1. లాజిక్‌కు కావలసినవి రెండూ ఉన్నాయి కాబట్టి z పైకి లేచింది. పోయిన స్టాపులో టికెట్ తీసుకున్న మనిషినే కొత్తగా ఎక్కాడనుకుని కండక్టర్ మళ్ళీ లెక్కపెట్టినట్టు, మీ సర్క్యూట్ మూడో బిట్‌నే నాలుగో బిట్ అనుకుంది. 30 దగ్గర అసలు నాలుగో బిట్ 0గా వచ్చాక z కిందికి దిగింది. 25 నుంచి 30 దాకా ఉన్న ఆ 5 ns పల్స్ పూర్తిగా అబద్ధం. `posedge z`కి అబద్ధం, నిజం తేడా తెలియదు కదా, ఒకటి లెక్కేసుకుంది.

తర్వాత 45 దగ్గర మళ్ళీ S3. ఐదో బిట్ 1 ఇంకా తీగ మీదే ఉంది కాబట్టి z లేచింది. 50 దగ్గర ఆరో బిట్ కూడా 1గానే వచ్చింది కాబట్టి దిగలేదు. 55 ఎడ్జ్ దగ్గర స్టేట్ S1కి పోయాక దిగింది. ఇది నిజమైన పల్సే, కానీ దాని మొదటి సగం, 45 నుంచి 50 దాకా, అదృష్టం కొద్దీ నిజమైంది. "నాలుగో బిట్ రాకముందే లేస్తోంది" అని మీరు చూసింది ఈ సగాన్నే. 75 నుంచి 85 దాకా మూడో పల్స్, అది కూడా ఇలాంటిదే. మొత్తం మూడు పల్సులు, మూడు ఎడ్జులు. మీ కౌంటర్ 3 దగ్గర ఆగింది అందుకే.

మీలీ z ఎప్పుడు నమ్మదగింది అంటే, x కొత్త విలువకు వచ్చి కుదురుకున్న తర్వాత, తర్వాతి క్లాక్ ఎడ్జ్ పడే లోపు. మీ కేసులో అది ప్రతి క్లాక్‌లో రెండో సగం. మొదటి సగంలో z ఏం చూపించినా దానికి అర్థం లేదు. కాబట్టి దాన్ని చూడవలసిన చోటు ఒక్కటే, అదే క్లాక్ ఎడ్జ్:

```verilog
always @(posedge clk)
  if (rst)    cnt <= 0;
  else if (z) cnt <= cnt + 1;
```

దీన్ని పెట్టి నడపండి. 35 దగ్గర z 0, లెక్కలోకి రాదు. 55 దగ్గర 1, 85 దగ్గర 1. కౌంట్ 2 వస్తుంది. మీలీ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

ఈ 5 ns పల్స్‌ను చాలామంది "గ్లిచ్" అనేసి ఊరుకుంటారు. గేట్ల ఆలస్యం వల్ల వచ్చే సన్న స్పైక్ కాదిది. గేట్లకు ఆలస్యం సున్నా అనుకున్నా వస్తుంది, మీ సిమ్యులేషన్‌లో వచ్చింది కూడా అలాగే. స్టేట్ ఒక సమయంలో, ఇన్‌పుట్ ఇంకో సమయంలో మారడం వల్ల వచ్చిన తప్పుడు అవుట్‌పుట్ ఇది. క్లాక్ నెమ్మది చేస్తే ఇది పోకపోగా ఇంకా వెడల్పవుతుంది. 1 MHz క్లాక్ అయితే ఇదే పల్స్ 500 ns ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. టెస్ట్‌బెంచ్‌లో x ని నెగెడ్జ్ బదులు పోసెడ్జ్ దగ్గర `x <= ...` అని మారిస్తే ఈ పల్స్ వేవ్‌ఫామ్‌లో మాయమవుతుంది. ఎందుకంటే అప్పుడు స్టేట్, x రెండూ ఒకే క్షణంలో మారతాయి. మీ స్నేహితులెవరో ఇలా మార్చి "నాకు రాలేదే" అంటే వాళ్ళది సరిగ్గా ఉందని కాదు. బోర్డు మీద ఆ రెండూ సరిగ్గా ఒకే క్షణంలో మారవు, ఎవరు ముందు మారితే దాన్ని బట్టి సన్న స్పైక్ ఉండనే ఉంటుంది. నిజానికి మీరు నెగెడ్జ్ దగ్గర మార్చడమే మంచిదైంది, తప్పు కంటికి కనబడేంత వెడల్పుగా బయటపడింది.

ఇప్పుడు మూర్ సంగతి. మూర్‌లో అవుట్‌పుట్ స్టేట్ మీదే ఆధారపడాలి కాబట్టి "1011 పూర్తయింది" అని చెప్పడానికే ఒక స్టేట్ కావాలి. అది S4. మొత్తం ఐదు స్టేట్లు. మీ మూర్ వేవ్‌ఫామ్‌లో z 55 నుంచి 65 దాకా, 85 నుంచి 95 దాకా ఉంటుంది. మధ్యలో x ఎన్ని వేషాలు వేసినా z కదలదు, ఎందుకంటే ఆ z లాజిక్‌లో x లేదు. అందుకే `posedge z` అని తప్పుగా రాసినా మూర్‌లో లెక్క సరిపోయింది. అంటే మీ మూర్ కౌంటర్ కూడా సరైన కోడ్ వల్ల 2 చూపించలేదు, దాన్ని కూడా `posedge clk`కి మార్చండి.

S4 నుంచి బాణాలు ఎక్కడికి వెళ్తాయో ఒకసారి గమనించండి. S4లో ఉన్నప్పుడు 0 వస్తే ఇప్పటిదాకా వచ్చింది 10110, దాని చివర "10" పనికొస్తుంది, S2కి వెళ్ళాలి. 1 వస్తే 10111, చివరి "1" మాత్రమే పనికొస్తుంది, S1కి వెళ్ళాలి. ఇప్పుడు S1 బాణాలు చూడండి. 0 వస్తే S2, 1 వస్తే S1. రెండూ ఒకటే! S4 అంటే S1కి కవల. తేడా ఒక్కటే, S4 నుదుట "ఇప్పుడే దొరికింది" అని బొట్టు ఉంది.

ఈ కవలతనాన్ని ఎన్‌కోడింగ్‌లో వాడుకుంటే అసలు గుట్టు బయటపడుతుంది. ముందు మీలీకి S0=00, S1=01, S2=10, S3=11 అని ఇవ్వండి. డి ఫ్లిప్‌ఫ్లాప్‌లతో కార్నా మ్యాప్ వేస్తే ఇవి వస్తాయి:

```
D0 = x
D1 = q0·x' + q1·q0'·x
z  = q1·q0·x
```

D0 నేరుగా x అవడం ఈ ఎన్‌కోడింగ్‌లో దొరికే చిన్న లాభం. 1తో ముగిసే స్టేట్లకు (S1, S3) చివరి బిట్ 1 ఇచ్చాం కాబట్టి అలా కుదిరింది.

ఇప్పుడు మూర్‌కు ముందొక q2 చేర్చండి. S0 నుంచి S3 దాకా పాత కోడ్‌ల ముందు 0 పెట్టండి: 000, 001, 010, 011. S4కి మాత్రం అందరూ వేసే 100 వద్దు, కవల S1 కోడ్ ముందు 1 పెట్టి 101 ఇవ్వండి. S1, S4 ఒకేలా ప్రవర్తిస్తాయి కాబట్టి D0, D1 సమీకరణాల్లో q2 రానే రాదు, పాతవే పనిచేస్తాయి. S4కి వెళ్ళేది S3లో 1 వచ్చినప్పుడే. కాబట్టి:

```
D0 = x
D1 = q0·x' + q1·q0'·x
D2 = q1·q0·x
z  = q2
```

D2 ని మీలీ z తో పోల్చి చూడండి, అదే గేటు. అంటే 1011కి మీ మూర్ సర్క్యూట్ వేరే సర్క్యూట్ కాదు. మీ మీలీ సర్క్యూట్ అవుట్‌పుట్‌కు ఒక ఫ్లిప్‌ఫ్లాప్ తగిలిస్తే వచ్చేదే అది. ఆ ఫ్లిప్‌ఫ్లాప్ z ని ఎడ్జ్ దగ్గర మాత్రమే చూస్తుంది, అందుకే అబద్ధపు పల్స్ దాన్ని దాటి రాదు. మూర్ ఒక క్లాక్ ఆలస్యం అని పుస్తకాల్లో రాసేది కూడా ఈ ఫ్లిప్‌ఫ్లాప్ గురించే. వాడకుండా మిగిలిన 100, 110, 111లో ఏదో ఒక దాంట్లో సర్క్యూట్ పొరపాటున పడినా భయం లేదు. కింది రెండు బిట్లు మామూలుగా నడుస్తాయి, q2 తర్వాతి ఎడ్జ్‌లో కొత్తగా లెక్కింపబడుతుంది.

వైవాలో అన్న "మీలీ ఫాస్ట్" మాట సగం నిజం. మీలీ z ని 55 ఎడ్జ్ దగ్గర అవతలి బ్లాక్ చదువుకోవచ్చు, మూర్ z ని అదే బ్లాక్ 65 దగ్గర గానీ చదవలేదు. ఒక క్లాక్ ముందే తెలిసింది, అంతవరకు నిజం. కానీ ఆ ముందు ఊరికే రాలేదు. మీలీలో x నుంచి z కి, z నుంచి అవతలి బ్లాక్ లాజిక్‌కు దారి తెరిచే ఉంటుంది. ఉదాహరణకు 10 ns క్లాక్‌లో x పైనున్న బ్లాక్ నుంచి ఎడ్జ్ తర్వాత 6 ns కి వచ్చిందనుకోండి. ఇక మిగిలిన 4 ns లోనే మీ యాండ్ గేటు, బయటి తీగ, అవతలి బ్లాక్ లాజిక్, చివర ఫ్లిప్‌ఫ్లాప్ సెటప్ టైమ్ అన్నీ ఇమడాలి. ఇమడకపోతే క్లాక్‌నే నెమ్మది చేయాలి. మూర్‌లో z ఎడ్జ్ పడగానే ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి వస్తుంది కాబట్టి అవతలి బ్లాక్‌కు దాదాపు పూర్తి క్లాక్ దొరుకుతుంది. మీలీ జవాబు ముందు వస్తుంది గానీ క్లాక్ వేగం తగ్గవచ్చు, మూర్ జవాబు ఒక క్లాక్ వెనక వస్తుంది గానీ క్లాక్ వేగంగా తిప్పవచ్చు. వైవాలో ఇలా చెప్పండి, ఎదురు ప్రశ్న వేయరు.

"మీలీలో ఫ్లిప్‌ఫ్లాప్‌లు తక్కువ" అన్న మాటకూ ఇదే గతి. n బిట్ల ప్యాటర్న్‌కు మీలీలో n స్టేట్లు, మూర్‌లో n+1. నాలుగు బిట్లకు 4, 5 కాబట్టి బైనరీ ఎన్‌కోడింగ్‌లో 2 ఫ్లిప్‌ఫ్లాప్‌లు, 3 ఫ్లిప్‌ఫ్లాప్‌లు. ఐదు బిట్లకు 5, 6 స్టేట్లు, రెండింటికీ మూడేసి. ఆరుకూ ఏడుకూ అంతే. ఎనిమిది దగ్గర మళ్ళీ తేడా వస్తుంది. ఒక ఫ్లిప్‌ఫ్లాప్ కోసం ఈ రోజుల్లో ఎవరూ తల పట్టుకోరు.

మూర్‌ను కూడా కళ్ళు మూసుకుని నమ్మకండి. "అవుట్‌పుట్ స్టేట్ మీదే ఆధారపడుతుంది" అంటే x వల్ల కదలదు అని మాత్రమే. స్టేట్ బిట్లు మారేటప్పుడు కదలవచ్చు. ఎవరైనా S3కి 100, S4కి 011 ఇచ్చారనుకోండి. అప్పుడు z = q1·q0 అవుతుంది. S1 (001) నుంచి S2 (010)కి పోయేటప్పుడు రెండు బిట్లు మారాలి. q0 దిగేలోపు q1 లేస్తే ఒక్క క్షణం 011 కనబడి z మీద సన్న స్పైక్ వస్తుంది. ఇది అసలైన గ్లిచ్. పైన ఇచ్చిన ఎన్‌కోడింగ్‌లో z నేరుగా q2 కాబట్టి మధ్యలో గేటే లేదు, స్పైక్ పుట్టే చోటే లేదు. z ని క్లాక్ లేని దేనికైనా తగిలించాల్సి వస్తే నేను చూసేది మూరా మీలీనా అని కాదు, అది నేరుగా ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి వస్తోందా లేదా అని. ఎఫ్‌పీజీఏ టూల్ మీ ఎన్‌కోడింగ్‌ను తనకు నచ్చినట్టు మార్చేయగలదు కూడా, సింథసిస్ లాగ్‌లో ఒకసారి చూసుకోండి.

ఇదంతా నాకు పుస్తకంలో అర్థం కాలేదు, దెబ్బ తిన్నాకే అర్థమైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బోర్డు మీద ఎస్‌పీఐ లింక్ నుంచి వచ్చే డేటాలో ఎనిమిది బిట్ల హెడర్ పట్టుకునే బ్లాక్ నాకిచ్చారు. మీలీలో రాశాను, అవుట్‌పుట్ తీసుకెళ్ళి బిట్ కౌంటర్ ఎసింక్రనస్ క్లియర్‌కు కట్టాను. హెడర్ దొరికితే కౌంటర్ సున్నా నుంచి మొదలవ్వాలని నా ఆలోచన. ల్యాబ్‌లో మా టెస్ట్ డేటాతో రోజంతా నడిచింది. వాళ్ళ అసలు డేటా పెట్టగానే అప్పుడప్పుడూ ఫ్రేమ్ మధ్యలో కౌంటర్ సున్నా అయిపోయేది. రెండు రోజులు గ్రౌండ్ బాగోలేదనుకున్నాం, కేబుల్ మార్చాం, కెపాసిటర్లు అతికించాం, టెన్షన్ పెరగడమే గానీ ఫలితం లేదు.

చివరికి స్కోప్‌లో డేటా, క్లాక్, క్లియర్ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే క్లియర్ మీద సరిగ్గా అర క్లాక్ వెడల్పున్న పల్స్ ఉంది. నాయిస్ అయితే వెడల్పు ఒక్కోసారి ఒక్కోలా ఉండాలి, ఇది ప్రతిసారీ కొలిచినట్టు అర క్లాకే. ఎస్‌పీఐ మోడ్ 0లో డేటా క్లాక్ దిగేటప్పుడు మారుతుంది, లేచేటప్పుడు చదువుతాం. అంటే అచ్చం మీ టెస్ట్‌బెంచ్ లాగే. హెడర్ చివరి రెండు బిట్లూ ఒకటే. ఏడు బిట్లు కలిసి ఎనిమిదోది కలవని డేటా వచ్చినప్పుడల్లా, ఏడో బిట్‌నే ఎనిమిదో బిట్ అనుకుని క్లియర్ లేస్తోంది. మా టెస్ట్ డేటాలో అలా "దాదాపు హెడర్" లాంటిది ఒక్కటీ లేదు, అందుకే పట్టుబడలేదు. క్లియర్‌ను సింక్రనస్ చేశాను, ఒక లైన్ మార్పు. మా లీడ్ ఏమీ అనలేదు గానీ ఆ అతికించిన కెపాసిటర్లు విప్పే పని మాత్రం నాకే అప్పజెప్పారు.

ఈ చివరి రెండు బిట్ల సంగతి మీకూ వర్తిస్తుంది. మీ 1011 చివర "11" ఉంది కాబట్టే S3కి తెచ్చిన 1 నే మళ్ళీ చూసి z మోసపోయింది. అదే 1101 అయితే చివర "01", మూడో బిట్ 0 తో S3కి వస్తారు, తీగ మీద ఇంకా 0 ఉంటుంది, z లేవదు. ఆ ప్యాటర్న్‌తో ఇదే కౌంటర్ తప్పు కోడ్ ఈ టెస్ట్‌బెంచ్‌లో చక్కగా నడిచేసి, మీకు ఈ సందేహమే వచ్చేది కాదు.

మీ టెస్ట్ ఇన్‌పుట్ గురించి ఒక మాట. 101011011 అనుకోకుండా తీసుకున్నారో తెలిసి తీసుకున్నారో గానీ, మంచి ఇన్‌పుట్. దీంట్లో మొదటి నాలుగు బిట్లు 1010. S3లో 0 వస్తే చాలామంది S0కి పంపేస్తారు, "ప్యాటర్న్ చెడిపోయింది కదా" అని. కానీ 1010 చివర "10" ఇంకా బతికే ఉంది, S2కి వెళ్ళాలి. S0కి పంపితే 101011లో ఉన్న మొదటి 1011 దొరకదు, మీ కౌంట్ 1 దగ్గరే ఆగుతుంది. అలాగే ఆరో బిట్ 1 మొదటి 1011కి చివరిది, రెండో దానికి మొదటిది. S3లో 1 వచ్చాక S1కి బదులు S0కి పోయినా, మూర్‌లో S4 నుంచి 0 కి S0కి పోయినా, రెండోది తప్పిపోతుంది. రెండు తప్పులనూ ఈ తొమ్మిది బిట్లే పట్టిస్తాయి. దీని తర్వాత 10111011 కూడా ఒకసారి ఇచ్చి చూడండి. S4లో 1 వచ్చే దారి మొదటి ఇన్‌పుట్‌లో లేదు, దీంట్లో ఉంది. కౌంట్ 2 రావాలి.

ల్యాబ్ రికార్డ్‌లో మీలీ వేవ్‌ఫామ్‌ను ఆ 5 ns పల్స్‌తో సహా అలాగే అతికించండి, చెరిపేయకండి. పక్కన 25, 30, 35 దగ్గర మూడు గీతలు గీసి, 35 దగ్గర z 0 అని రాయండి.